ఐదు రోజుల బీఓడీ: నాలా నీళ్ల సీసా పెట్టడం దగ్గర్నుంచి లెక్క తేల్చడం దాకా

నీళ్లలోని మురుగును తినడానికి బ్యాక్టీరియా ఎంత ఆక్సిజన్ వాడుకుంటుందో కొలిచే బీఓడీ పరీక్షలో ఐదో రోజు చేసే పని గంటలోపే అయిపోతుంది. ఆ రోజు వచ్చే అంకె పనికొస్తుందా లేదా అన్నది మాత్రం మొదటి రోజే తేలిపోయి ఉంటుంది. శాంపిల్‌ను పలుచన చేసే డైల్యూషన్ వాటర్ ఎలా చేశారు, ఒక్కో సీసాలో శాంపిల్ ఎంత పోశారు, సీసా లోపల గాలి బుడగ ఉండిపోయిందా అన్నవే అసలు సంగతులు. అందుకే ఇక్కడ మొదటి రోజు గురించే ఎక్కువ చెబుతాను. ఉదాహరణకు హనుమకొండలో ఇళ్ల మధ్య నుంచి పారే ఒక నాలా నీళ్లు తీసుకుందాం. చెరువు, వాగు నీళ్లకు ఏం మారుతుందో చివర్లో చూద్దాం.

ముందు ఈ నీళ్లను ఎందుకు పలుచన చేస్తామో తెలియాలి. సీసాలో మూతపెట్టిన నీళ్లలో బ్యాక్టీరియా మురుగును తింటూ, ఆ నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. ఐదు రోజుల్లో ఎంత వాడుకుందో అదే బీఓడీ. చిక్కేమిటంటే, 20 డిగ్రీల దగ్గర నీళ్లలో కరిగే ఆక్సిజన్ సముద్ర మట్టంలో అయితే లీటరుకు 9.1 మిల్లీగ్రాములే. వరంగల్ ఇంకాస్త ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ 8.8కి అటూ ఇటూ ఉంటుంది. మామూలు ఇళ్ల మురుగు అడిగేది రెండు వందల దాకా. ఎనిమిది ముద్దల అన్నం ఉన్న గిన్నె ముందు రెండు వందల ముద్దలు తినేవాణ్ణి కూర్చోబెడితే గిన్నె ఖాళీ అయిందని తెలుస్తుంది తప్ప అతని ఆకలి ఎంతో తెలియదు. అందుకే ఆకలిని ముప్పయ్యో వంతుకో, యాభయ్యో వంతుకో తగ్గించి గిన్నె ముందు పెడతాం.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. మన దేశంలో భారతీయ ప్రమాణం ఐఎస్ 3025, 44వ భాగం ప్రకారం చాలాచోట్ల 27 డిగ్రీల దగ్గర మూడు రోజులే ఉంచుతారు. కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చే రిపోర్టుల్లో సాధారణంగా అడిగేదీ అదే. ఇక్కడ చెబుతున్నది 20 డిగ్రీల దగ్గర ఐదు రోజుల పద్ధతి. చేసే పనంతా ఒకటే, ఇంక్యుబేటర్ సెట్టింగు, రోజుల లెక్కే తేడా. మీ రిపోర్టు ఎవరికి వెళ్తుందో అడిగి, ఏ పద్ధతో కాగితం మీద స్పష్టంగా రాయండి. ఒక నెల ఇది, ఒక నెల అది చేసి రెండింటినీ ఒకే పట్టికలో పెట్టొద్దు.

## ముందు క్యాలెండర్ చూడండి

సోమవారం పెడితే శనివారం తీయాలి. అది రెండో శనివారమైతే ల్యాబ్‌కు తాళం. మంగళవారం పెడితే ఆదివారం వస్తుంది. బుధ, గురు, శుక్రవారాలు హాయి. బతుకమ్మ, దసరా రోజుల్లో ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. 'ఒక రోజు ఆలస్యమైతే ఏమైంది' అనుకుని ఆరో రోజు తీస్తే అది ఐదు రోజుల బీఓడీ కాదు. రోజే కాదు, గంట కూడా రాసుకోండి. మధ్యాహ్నం మూడింటికి పెడితే ఐదో రోజు మూడు ప్రాంతంలోనే తీయాలి.

## డైల్యూషన్ వాటర్

ఎన్ని నీళ్లు కావాలో సీసాల లెక్కతో మొదలుపెట్టండి. ఒకే శాంపిల్‌ను వేర్వేరు పాళ్లలో పలుచన చేసి పెడతాం. ఆక్సిజన్‌ను టైట్రేషన్‌తో కొలిస్తే ప్రతి పాళ్లకూ రెండు సీసాలు కావాలి, ఒకటి అదే రోజు కొలవడానికి, ఒకటి ఐదు రోజులు ఉంచడానికి. నాలుగు పాళ్లకు ఎనిమిది, శాంపిల్ వేయని బ్లాంకులకు నాలుగు, సరిచూసే గ్లూకోజు సీసాలకు నాలుగు, మొత్తం పదహారు. సీసా 300 మి.లీ. కాబట్టి దాదాపు ఐదు లీటర్లు. పొర్లిపోయేది, కడగడానికి వాడేది కలుపుకుని ఆరు లీటర్లు చేసుకోండి. కరిగిన ఆక్సిజన్‌ను నేరుగా చూపించే డీఓ మీటరు ఉంటే ఒకే సీసాను మొదటి రోజు, ఐదో రోజు కొలవొచ్చు కాబట్టి ఇందులో సగం చాలు.

డిస్టిల్డ్ వాటర్ మంచిదై ఉండాలి. బ్యాటరీ షాపులో క్యాన్లలో అమ్మే నీళ్లతో ఈ పరీక్ష చేయొద్దు. అందులో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. రాగి పాత్రలున్న పాత స్టిల్ నీళ్లూ వద్దు, కాస్త రాగి దిగినా బ్యాక్టీరియా చచ్చిపోతుంది, బీఓడీ తక్కువ వస్తుంది, మురుగు బాగుందని మీరు మోసపోతారు.

ఈ నీళ్లకు నాలుగు ద్రావణాలు లీటరుకు ఒక్కో మి.లీ. చొప్పున కలపాలి. బ్యాక్టీరియాకు కావలసిన ఉప్పూ పప్పూ అనుకోండి. మొదటిది ఫాస్ఫేట్ బఫర్. లీటరు నీళ్లలో పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 8.5 గ్రాములు, డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 21.75, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 33.4, అమ్మోనియం క్లోరైడ్ 1.7 గ్రాములు. పీహెచ్ దానంతటదే 7.2 రావాలి. రెండోది మెగ్నీషియం సల్ఫేట్ 22.5 గ్రాములు, మూడోది కాల్షియం క్లోరైడ్ 27.5 గ్రాములు, నాలుగోది ఫెర్రిక్ క్లోరైడ్ 0.25 గ్రాము. ఒక్కోదాన్ని విడిగా లీటరు నీళ్లలో కలిపి ఉంచుకోవాలి.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఆ 33.4 గ్రాములు ఏడు నీటి అణువులున్న డైసోడియం ఫాస్ఫేట్‌కు. మన దగ్గర కెమికల్ షాపుల్లో తరచుగా దొరికేది రెండు నీటి అణువులున్నదో, నీరు లేనిదో. సీసా మీద లేబుల్ చదవండి. రెండు అణువులదైతే 22.2 గ్రాములు, నీరు లేనిదైతే 17.7 గ్రాములు వేయాలి. కాల్షియం క్లోరైడ్‌కు లెక్క తిరగబడుతుంది, 27.5 అన్నది నీరు లేనిదానికి. రెండు అణువులున్నదైతే 36.4 గ్రాములు. ఇక ఫాస్ఫేట్ బఫర్ సీసాలో ఏదైనా తేలుతున్నట్టో, అడుగున పాకుడులాగో కనిపిస్తే మొత్తం పారబోసి కొత్తది చేయండి. వడకట్టి వాడదామన్న ఆశ వద్దు.

ఇప్పుడు గాలి పట్టించాలి. చేపల తొట్టెకు పెట్టే చిన్న పంపు చాలు, గాలి గొట్టంలో కాస్త శుభ్రమైన దూది పెడితే దుమ్ము, నూనె ఆగుతాయి. గంటసేపు బుడగలు పోయాక మూతికి దూది వదులుగా పెట్టి, నీళ్లు 20 డిగ్రీలకు వచ్చేదాకా ఇంక్యుబేటర్‌లోనే ఉంచండి. ఈ 20 డిగ్రీల సంగతి వరంగల్ ఎండాకాలంలో పెద్ద తలనొప్పి. తొందరపడి డిస్టిల్డ్ వాటర్‌ను ఫ్రిజ్‌లో పెట్టి, తీసిన వెంటనే వాడారనుకోండి. చల్లని నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది, 4 డిగ్రీల దగ్గర 13 దాకా పోతుంది. ఆ నీళ్లు సీసాలో వేడెక్కుతున్న కొద్దీ అదనపు ఆక్సిజన్ బుడగలుగా బయటికొస్తుంది. మొదటి రోజు 11 చూసి ఐదో రోజు 8 చూస్తే బ్యాక్టీరియా మూడు తినేసిందని రాస్తారు, నిజానికి అది ఏమీ తినలేదు. మొదటి రీడింగు 9 దాటితే ఆగి ఉష్ణోగ్రత చూడండి. ఉష్ణోగ్రత సరిగ్గానే ఉంటే మీరు టైట్రేషన్‌కు వాడే థయోసల్ఫేట్ బలం తప్పి ఉంటుంది.

నాకు ఒకసారి ఇంకోలా దెబ్బ తగిలింది. వరసగా మూడు బ్యాచులు బ్లాంకులో ఆక్సిజన్ తగ్గుదల 0.9 దాకా పోయింది. మందులన్నీ మార్చాను, డిస్టిల్డ్ వాటర్ మార్చాను. చివరికి చూస్తే క్యాన్ నుంచి నీళ్లు లాగే రబ్బరు గొట్టం లోపల జిగురు పట్టి ఉంది. వేలు పెట్టి రుద్దితే చేపమీద జారినట్టు జారింది. గొట్టం పారేసి, క్యాన్‌ను బ్లీచింగుతో కడిగి, వాసన పోయేదాకా డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాక బ్లాంకు తగ్గుదల 0.1కి వచ్చింది. ఏ శాంపిలూ లేని డైల్యూషన్ వాటర్ సీసాలో ఐదు రోజుల్లో తగ్గుదల 0.2 దాటకూడదు. దాటితే ఆ రోజు బ్యాచ్ మొత్తం అనుమానమే. అలాగని బ్లాంకు అంకెను మిగతా సీసాల లోంచి తీసేసి సరిపెట్టకండి. బ్లాంకు నీళ్లు బాగున్నాయా అని చూసుకోవడానికే, కూడికలు తీసివేతలకు కాదు.

## శాంపిల్ తేవడం

నాలాలో పైన తేలే నురగ, అడుగున బురద రాకుండా ధార మధ్యలోంచి బకెట్‌తో తీసి, లీటరు ప్లాస్టిక్ సీసాను మూతిదాకా నింపండి. సమయం రాసుకోండి. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి నాలాలో పారేవి ఒకే నీళ్లు కావు. ఐస్ బాక్సులో పెట్టి తెచ్చుకోండి. మే నెలలో స్కూటర్ డిక్కీలో గంటన్నర ఉన్న మురుగు దారిలోనే సగం పరీక్ష అయిపోయి వస్తుంది. అక్కడి బ్యాక్టీరియా మీకోసం ఆగదు కదా. ఆరు గంటల్లోపు సీసాలు పెట్టేయడం మంచిది, కుదరకపోతే 4 డిగ్రీల దగ్గర ఉంచి ఇరవై నాలుగు గంటల్లోపు.

ల్యాబ్‌కు వచ్చాక శాంపిల్‌ను 20 డిగ్రీలకు రానివ్వండి. పీహెచ్ 6.5, 7.5 మధ్య ఉందో లేదో చూడండి. ఇళ్ల మురుగు మామూలుగా అందులోనే ఉంటుంది. క్లోరిన్ కలిపిన శుద్ధి కేంద్రం నీళ్లయితే మాత్రం సోడియం సల్ఫైట్ వేసి క్లోరిన్ పోగొట్టి, బ్యాక్టీరియాను బయటి నుంచి చేర్చాలి. దీన్నే సీడ్ అంటాం. నాలా నీళ్లకు సీడ్ అక్కర్లేదు, అందులో ఉన్నవే ఎక్కువ.

## ఎంత పోయాలి

ఇదే ఈ పరీక్షలో బుర్ర పెట్టాల్సిన చోటు. సీసా ఫలితం చెల్లాలంటే రెండు షరతులు. ఐదు రోజుల్లో ఆక్సిజన్ కనీసం 2 తగ్గాలి, చివర్లో కనీసం 1 మిగలాలి. 2 కన్నా తక్కువ తగ్గితే టైట్రేషన్‌లో వచ్చే చిన్న తేడాలే ఫలితాన్ని ఊపేస్తాయి. 1 కూడా మిగలకపోతే గిన్నె ఖాళీ అయినట్టే. 8.5తో మొదలైతే మనం వాడుకోగలిగింది 2 నుంచి 7.5 దాకా.

కాబట్టి ముందు ఫలితం ఎంత రావచ్చో అంచనా ఉండాలి. దానికి సులువైన దారి సీఓడీ, అంటే బ్యాక్టీరియాకు బదులు రసాయనాలతో ఆ ఆక్సిజన్ అవసరాన్ని కొలిచే పరీక్ష. అది మూడు గంటల్లో తేలుతుంది. ఇళ్ల మురుగులో బీఓడీ దాదాపు సీఓడీలో సగం ఉంటుంది. మన శాంపిల్‌కు సీఓడీ 360 వచ్చిందనుకుందాం, బీఓడీ 180 ప్రాంతం. సీసాలో 4 తగ్గాలని కోరుకుంటే, 4ను 300తో గుణించి 180తో భాగించండి, 6.7 మి.లీ. వస్తుంది. దాని చుట్టూ అటు ఇటు వచ్చేలా 3, 6, 9, 15 మి.లీ. పెడదాం. ఒక్క పాళ్లే పెట్టి 'సరిపోతుందిలే' అనుకునేవాళ్లు ఐదు రోజుల తర్వాత మళ్లీ నాలాకు పోవాల్సి వస్తుంది. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లాడొకడు, "సార్, నాలుగెందుకు, ఒకటి కరెక్ట్‌గా పెడితే చాలదా?" అన్నాడు. "కరెక్ట్‌గా ఎంతో తెలిస్తే పరీక్షే ఎందుకురా" అన్నాను.

3 మి.లీ. కన్నా తక్కువ కావాల్సి వస్తే, అంత చిన్న మోతాదు సీసాలోకి నేరుగా తీయొద్దు. మురుగులో తుక్కు ఉంటుంది, ఒక తుక్కు ఎక్కువైనా తక్కువైనా లెక్క మారుతుంది. ముందు శాంపిల్‌ను పది రెట్లు పలుచన చేసి అందులోంచి తీయండి. పిపెట్ మూతి వెడల్పుగా ఉండాలి, తీసేముందు ప్రతిసారీ సీసాను తిప్పి కలపాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ నోటితో లాగొద్దు, రబ్బరు బల్బు వాడండి.

## సీసా నింపడం

ముందు సీసాలో కొంత డైల్యూషన్ వాటర్ పోసి, పిపెట్ చివర అందులోకి దిగేలా పెట్టి శాంపిల్ వదలండి. తర్వాత గొట్టాన్ని సీసా అడుగుదాకా దించి డైల్యూషన్ వాటర్‌ను మెల్లగా, చప్పుడు లేకుండా నింపండి. గలగలమని పడితే గాలి కలుస్తుంది. మెడదాకా వచ్చాక గాజు మూతను ఒక పక్కనుంచి వాలుగా జార్చండి, కొద్దిగా నీళ్లు పొర్లి మూత కూర్చుంటుంది. ఇప్పుడు సీసాను తలకిందులు చేసి వెలుతురుకు పట్టి చూడండి. బుడగ ఉంటే అది పైకి పాకుతూ కనిపిస్తుంది. మిరియపు గింజంత ఉన్నా ఊరుకోవద్దు. అందులోని ఆక్సిజన్ ఐదు రోజులూ మెల్లగా నీళ్లలోకి దిగుతూ ఉంటుంది. మూత తీసి, కాస్త నీళ్లు పోసి మళ్లీ పెట్టండి. చివరికి మూత చుట్టూ ఉన్న గిన్నెలాంటి అంచులో నీళ్లు పోస్తే గాలి లోపలికి పోకుండా సీలు పడుతుంది. ఆ నీళ్లు ఐదు రోజుల్లో ఆరిపోతాయి, అందుకని పైన ప్లాస్టిక్ టోపీనో, రేకు కాగితమో పెట్టండి.

ప్రతి పాళ్లకూ పెట్టిన రెండు సీసాల్లో ఒకటి ఇంక్యుబేటర్‌లోకి వెళ్లాలి, రెండోదాన్ని అరగంటలోపే కొలవాలి.

## ఆక్సిజన్ కొలవడం

మీటరు లేనివాళ్లకు వింక్లర్ పద్ధతే దిక్కు, నిజానికి మీటరును సరిచూసేదీ ఇదే. సీసా మూత తీసి మాంగనీస్ సల్ఫేట్ ఒక మి.లీ., క్షార అయోడైడ్ అజైడ్ ద్రావణం ఒక మి.లీ. నీటి మట్టం కిందికి వదలండి. మూతపెట్టి పదిహేనుసార్లు తిప్పండి. అప్పుడు మురికిపట్టిన దూదిలాంటి ముద్ద తయారవుతుంది. అది బెల్లం రంగులో ఉంటే ఆక్సిజన్ ఉంది, తెల్లగా ఉంటే లేదు. సగందాకా దిగాక ఇంకోసారి తిప్పి, మళ్లీ దిగనిచ్చి, చిక్కటి సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక మి.లీ. వేసి తిప్పితే ముద్ద కరిగి తేనె రంగు ద్రవం మిగులుతుంది. అజైడ్ ఎందుకంటే, మురుగు సీసాల్లో నైట్రైట్ ఉంటుంది, అది ఉంటే టైట్రేషన్ అయిపోయాక కూడా నీలం మళ్లీ మళ్లీ వస్తూ చిరాకు పెడుతుంది. అజైడ్ విషం, దాని ద్రావణాన్ని సింకులో వేసి దాని మీద ఆమ్లం పోయొద్దు.

ఆ ద్రవంలోంచి 201 మి.లీ. తీసి 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయండి. 201 ఎందుకంటే, మనం వేసిన రెండు మి.లీ. ద్రావణాలు సీసాలోంచి రెండు మి.లీ. నీళ్లను నెట్టేశాయి, దాన్ని సరిచేస్తే అసలు శాంపిల్ 200 మి.లీ.కి సమానం. ఎండుగడ్డి రంగు వచ్చేదాకా పోసి, అప్పుడే గంజి ద్రావణం వేయండి. నీలం వస్తుంది. చుక్క చుక్కగా పోస్తూ నీలం పోయిన క్షణం ఆపండి. బ్యూరెట్‌లో ఎన్ని మి.లీ. పడ్డాయో అదే లీటరుకు మిల్లీగ్రాముల ఆక్సిజన్. కాసేపటికి నీలం తిరిగొస్తే పట్టించుకోకండి. థయోసల్ఫేట్ బలం మాత్రం రోజురోజుకూ తగ్గుతుంది, ప్రతి బ్యాచ్‌కూ ముందు పొటాషియం డైక్రోమేట్‌తో సరిచూసుకోండి.

## ఐదు రోజులు

ఇంక్యుబేటర్ 20 డిగ్రీలకు ఒక డిగ్రీ అటూ ఇటూ మించకూడదు, లోపల చీకటిగా ఉండాలి. వెలుతురు పడితే పాచి ఆక్సిజన్ తయారు చేస్తుంది. మన దగ్గర ఇది వేడి చేసే ఇంక్యుబేటర్‌తో కుదరదు, చల్లబరిచేది కావాలి. పెట్టె ముఖం మీద కనిపించే అంకెను నమ్మకండి. ఒక సీసాలో నీళ్లు పోసి అందులో థర్మామీటర్ ముంచి సీసాల మధ్యలో పెట్టండి. కరెంటు పోయి వచ్చినప్పుడు చూడాల్సింది గాలి ఎంత వేడెక్కిందని కాదు, ఈ నీళ్లు ఎంత వేడెక్కాయని. ఒక గంట కరెంటు పోయినా సీసాల్లో నీళ్లు అంత త్వరగా కదలవు. ఒక రాత్రంతా పోయి 26కి పోతే మాత్రం ఆ బ్యాచ్ ఆశ వదులుకోండి. వేడిలో బ్యాక్టీరియా జోరుగా తింటుంది.

## లెక్క

ఐదో రోజు వచ్చిన అంకెలు ఇలా ఉన్నాయనుకుందాం. బ్లాంకు 8.6 నుంచి 8.5కి వచ్చింది, అంటే 0.1 తగ్గుదల, బాగుంది. సీడ్ వేయనప్పుడు సూత్రం ఇంతే:

```
BOD = (D1 - D2) x 300 / V
```

ఇందులో `D1` మొదటి రోజు ఆక్సిజన్, `D2` ఐదో రోజుది, `V` సీసాలో పోసిన శాంపిల్ మి.లీ.లలో.

3 మి.లీ. సీసా 8.5 నుంచి 6.7కి వచ్చింది. తగ్గుదల 1.8, బీఓడీ 180. కానీ తగ్గుదల 2 లేదు కాబట్టి పక్కన పెట్టాలి. 6 మి.లీ. సీసా 8.4 నుంచి 4.6కి, తగ్గుదల 3.8, బీఓడీ 190. 9 మి.లీ. సీసా 8.3 నుంచి 2.7కి, తగ్గుదల 5.6, బీఓడీ 187. ఇవి రెండూ చెల్లుతాయి. 15 మి.లీ. సీసాలో మాంగనీస్, క్షారం వేసి తిప్పగానే ముద్ద తెల్లగా, ఎక్కడో కాస్త పసుపు ఛాయతో వచ్చింది. టైట్రేషన్‌కు ముందే సంగతి అర్థమైపోయింది. మొదలు 8.2, చివర 0.4, తగ్గుదల 7.8, బీఓడీ 156.

ఆ 156ను చూడండి. చెల్లని సీసాను సగటులో కలిపితే ఎంత మోసపోతామో ఇక్కడ తెలుస్తుంది. నిజంగా 188 ఉన్న నీళ్లు 15 మి.లీ. పోస్తే 9.4 ఆక్సిజన్ అడుగుతాయి, సీసాలో ఉన్నది 8.2. అన్నం అయిపోయింది కాబట్టే తక్కువ తిన్నట్టు కనిపించింది. చెల్లిన రెండింటి సగటు 188, అదే రాయాలి.

చెల్లిన సీసాల మధ్య కూడా ఒక వరస కోసం చూడండి. శాంపిల్ తక్కువ పోసిన కొద్దీ బీఓడీ పెరుగుతూ పోతే, ఆక్సిజన్ మాత్రం అన్నిట్లోనూ మిగిలే ఉంటే, ఆ నీళ్లలో బ్యాక్టీరియాను చంపేదేదో ఉంది. పలుచనైన కొద్దీ విషం బలం తగ్గి బ్యాక్టీరియా కోలుకుంటోందన్నమాట. అప్పుడు అంకె కన్నా నాలాలోకి ఏ షెడ్డు నీళ్లు కలుస్తున్నాయో వెతకడం ముఖ్యం.

గ్లూకోజు సీసాలు ఎందుకంటే, మన పని మొత్తాన్ని ఒక్క దెబ్బకు సరిచూడడానికి. గ్లూకోజు, గ్లుటామిక్ ఆమ్లం 150 మిల్లీగ్రాముల చొప్పున లీటరు నీళ్లలో ఆ రోజే కలిపి, సీసాకు 6 మి.లీ. పోయాలి. ఇందులో బ్యాక్టీరియా ఉండదు కాబట్టి సీడ్ కావాలి. తేరుకున్న నాలా మురుగు పైనీళ్లే ఒక మి.లీ. వేయండి. 6 మి.లీ. మురుగు 3.8 తింది కాబట్టి ఒక మి.లీ. 0.6 తింటుంది. తేర్చిన నీళ్లు కాబట్టి నిజానికి ఇంకాస్త తక్కువే తింటాయి, కచ్చితంగా కావాలంటే ఆ పైనీళ్లనే విడిగా ఒక జత సీసాల్లో పెట్టి చూడండి. గ్లూకోజు సీసా 8.4 నుంచి 4.0కి వస్తే, తగ్గుదల 4.4, అందులో సీడ్ వాటా 0.6 పోతే 3.8. దాన్ని 50తో గుణిస్తే 190. రావాల్సింది 198, ముప్పై అటూ ఇటూ. అంత వెసులుబాటు ఉందంటేనే ఈ పరీక్ష ఎంత మొరటుదో తెలుస్తుంది. అందుకే రిపోర్టులో 188.4 అని దశాంశం రాసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

## చెరువు, వాగు నీళ్లయితే

గోదావరి, మానేరు, భద్రకాళి చెరువు లాంటి నీళ్లకు చిక్కు తిరగబడుతుంది. ఆకలి తక్కువ, అన్నం ఎక్కువ. స్నానాలకు పనికొచ్చే నీళ్లకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దు 3. అంటే పలుచన చేయకుండా 300 మి.లీ. నింపినా తగ్గుదల 3 దాటకూడదు. అలాంటి నీళ్లను నేరుగానే పెట్టండి, తోడుగా 150 మి.లీ. సీసా ఒకటి పెట్టండి. జాతర రోజుల్లో మేడారం దగ్గర జంపన్న వాగు నీళ్లయితే ఇంకాస్త తక్కువ శాంపిల్‌తో ఒకటి రెండు సీసాలు అదనంగా పెట్టుకోవడం మంచిది. 300 మి.లీ. సీసాలో కూడా తగ్గుదల 2 రాకపోతే ఫలితం '2 కన్నా తక్కువ' అని రాయండి. 1.3 అని రాయడానికి మీ దగ్గర ఆధారం లేదు.

పచ్చగా ఉన్న చెరువు నీళ్లను మధ్యాహ్నం తీస్తే పాచి పుణ్యమా అని ఆక్సిజన్ 12 కూడా ఉండొచ్చు. ఫ్రిజ్ నీళ్ల సమస్యే ఇదీ, అదనపు ఆక్సిజన్ బుడగలై పోతుంది. సగం నిండిన సీసాలో 20 డిగ్రీల దగ్గర గట్టిగా కుదిపి, 8.8 ప్రాంతానికి దింపాక పెట్టండి. చీకటిలో పాచి కూడా ఆక్సిజన్ తింటుంది, కొంత చచ్చి కుళ్లుతుంది. కాబట్టి అక్కడ వచ్చే బీఓడీలో ఎంత మురుగుదో, ఎంత పాచిదో ఈ పరీక్ష చెప్పదు. శాంపిల్ తీసిన సమయం, నీళ్ల రంగు ఫలితం పక్కనే రాసి పెట్టండి.

శుద్ధి కేంద్రం దాటి వచ్చిన నీళ్లలో ఇంకో తిరకాసు ఉంటుంది. అందులో అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా అప్పటికే బాగా పెరిగి ఉంటుంది. అది కూడా ఐదు రోజుల్లోనే ఆక్సిజన్ తినేసి, బాగా పనిచేస్తున్న కేంద్రాన్నే చెడ్డదిగా చూపిస్తుంది. ఒక సీసాలో లీటరుకు 2 మిల్లీగ్రాములు వచ్చేలా అల్లైల్ థయోయూరియా వేసి, ఒకటి వేయకుండా పెట్టండి. రెండింటి మధ్య తేడా ఆ అమ్మోనియా వాటా. వేసిన దాన్ని రిపోర్టులో రాస్తే, నైట్రిఫికేషన్ ఆపి కొలిచినట్టు పక్కనే రాయాలి.

సీసాలను పనవ్వగానే కడగండి. మాంగనీస్ మరక ఆరితే గాజుకు పట్టేస్తుంది, కొద్దిగా ఆమ్లంతో పోతుంది. డిటర్జెంట్ వాడితే పదిసార్లు కడగాలి. మూత ఏ సీసాదో ఆ సీసాకే పెట్టండి, మూతలు మారితే సీలు కుదరదు.